నాలుగో మాత్రకు ముందు

టెల్మిసార్టాన్, ఆమ్లోడిపిన్, క్లోర్తాలిడోన్ మూడూ పూర్తి మోతాదులో వేసుకుంటున్నా నా బీపీ 170/100 దగ్గరే ఉండేది. "మాత్రలు ఎగ్గొడుతున్నారు కదూ?" అని నా భార్య ఎదుటే నవ్విన డాక్టరు గారు, జవాబు వినకుండానే నాలుగో మాత్ర రాశారు. జబ్బు అదుపులోకి వచ్చినా ఆ నవ్వు మీద కోపం మాత్రం చల్లారలేదు.

కొద్దిరోజులకే ఒక రాత్రి, నా గురక ఉన్నట్టుండి ఆగిపోయి, ఊపిరి అందక నేను ఉలిక్కిపడి లేవడం చూసి నా భార్య కేక వేసింది. లేచి నిలబడబోతే కాళ్లు పట్టు తప్పి మంచం పక్కనే కూలబడ్డాను. పక్షవాతమేనని ఇద్దరం నిశ్చయించుకున్నాం. అత్యవసర విభాగంలో రక్తంలో పొటాషియం 2.7కి పడిపోయిందని తేలింది. క్లోర్తాలిడోన్ వల్లేనని చెప్పి, పొటాషియం ఎక్కించి పంపేశారు.

తరువాత చూసిన డాక్టరమ్మ గారికి ఆ మాట సరిపోలేదు. టెల్మిసార్టాన్ పొటాషియాన్ని నిలబెట్టే మందు కనుక, అది వేసుకుంటున్నా ఇంత పడిపోయిందంటే మూత్రపిండాల పైనుండే అడ్రినల్ గ్రంథులు, ఉప్పును నిలిపి పొటాషియాన్ని మూత్రంలో బయటికి పంపే ఆల్డోస్టెరాన్ హార్మోన్‌ను అతిగా వదులుతున్నాయేమో చూడాలన్నారు. మాత్రల విషయాన్నీ ఆమె వదల్లేదు, అయితే నవ్వలేదు. ఉదయం మాత్రలు ఆస్పత్రికే తెమ్మని, నర్సు ఎదుట వేయించి, నా చేతి లావుకు సరిపోయే పట్టీతో కొన్ని గంటలపాటు బీపీ కొలిపించారు. నిజంగా మానేసినవారికి అన్నీ ఒకేసారి పడితే బీపీ ప్రమాదకరంగా దిగిపోవచ్చు కాబట్టి దీన్ని ఎవరూ ఇంట్లో ప్రయత్నించకండి. నా బీపీ దాదాపు కదల్లేదు. ఆమెకు నేను చేతులెత్తి మొక్కింది ఆరోజే.

నిద్ర పరీక్షలో శ్వాస ఆగిపోయే జబ్బు తీవ్రంగా ఉందని తేలి, నిద్రలో గొంతు మూసుకుపోకుండా మాస్కు ద్వారా గాలి పంపే సీప్యాప్ యంత్రం పెట్టారు. దానితో బీపీ తగ్గేది కొద్దిగానే అని ముందే చెప్పారు. ఆల్డోస్టెరాన్ ఎక్కువైతే ఒంట్లో ఉప్పు, నీరు నిలిచి గొంతు దగ్గరి కణజాలం కూడా ఉబ్బవచ్చు కనుక, ఈ రెండు జబ్బులూ తరచు జంటగా కనిపిస్తాయట.

రక్తపరీక్షకు ముందు పొటాషియాన్ని సరిచేశారు. అది తక్కువగా ఉంటే ఆల్డోస్టెరాన్ కూడా తగ్గి జబ్బు దాక్కుంటుంది. పరీక్షలో ఆల్డోస్టెరాన్ ఎక్కువగా, మామూలుగా దాన్ని ఊరించే రెనిన్ దాదాపు అణిగిపోయి కనిపించాయి. సీటీలో ఎడమ అడ్రినల్‌పై చిన్న గడ్డ కనబడగానే తీయించేద్దామని మా బావగారు తొందరపెట్టారు. వయసుతో పాటు హాని లేని గడ్డలు ఎన్నో వస్తాయని, సీటీని మాత్రమే నమ్మి గ్రంథిని తీయకూడదని డాక్టరమ్మ గారు ఆపి, రెండు అడ్రినల్ సిరల నుంచీ రక్తం తీయించారు. ఆల్డోస్టెరాన్ రెండువైపులా సమానంగానే ఊరుతోంది. ఒక వైపే అయి ఉంటే ఆపరేషన్ చేసేవారు. నాకు ఆల్డోస్టెరాన్ పనిని అడ్డుకునే స్పైరనోలాక్టోన్ ఇచ్చారు.

కొన్ని వారాల్లో బీపీ 130కి దిగింది. ఆ మందు వల్ల రొమ్ముల్లో నొప్పి మొదలైతే అదే తరహా మందైన ఎప్లెరినోన్‌కు మార్చారు. ఇప్పుడు పొటాషియం తగ్గుతుందని కాదు, పెరుగుతుందేమోనని పరీక్షలు చేయిస్తున్నారు. మీకూ మూడు మాత్రలతో దిగకపోతే, నాలుగోది మొదలుపెట్టక ముందే ఆల్డోస్టెరాన్, రెనిన్ పరీక్ష అడగండి. ఆ నాలుగోది స్పైరనోలాక్టోనే అయితే, వేసుకున్నాక ఫలితం తారుమారు కావచ్చు, మళ్లీ చూడాలంటే దాన్ని వారాలపాటు ఆపాల్సి రావచ్చు.