ఉప్సలాలో ఏడు చేపలు

స్వీడన్‌లోని ఆర్లాండా విమానాశ్రయం నుంచి ఉప్సలా ఊరికి రైల్లో ఇరవై నిమిషాల దారి. జూన్ చివర్లో అక్కడ రాత్రి పది దాటితే గానీ పొద్దు గుంకదు. పిల్లని పడుకోబెట్టాలంటే ముందు కిటికీకి నల్లటి తెర దించాలి, ఆ తర్వాతే కథ. మనవరాలికి నాలుగేళ్ళు. పగలంతా బాలబడిలో స్వీడిష్ మాటలే. ఇంట్లో తెలుగు వింటుంది, అర్థమవుతుంది, జవాబు మాత్రం స్వీడిష్‌లో ఇస్తుంది. ఏడు చేపల కథకి ప్రాణం పిల్లలు వంత పాడడంలోనే ఉంది. అందుకని మొదటి ఆరు వాక్యాలైనా స్వీడిష్‌లో నిలబడాలని కూర్చున్నాం. నేను తెలుగు చెబితే అమ్మాయి స్వీడిష్ రాసేది, పక్కింట్లో ఉండే రిటైరైన బాలబడి టీచరమ్మ దిద్దేవారు.

‘అనగనగా’ దగ్గర పెద్ద చిక్కేమీ రాలేదు. వాళ్ళకీ అలాంటి మాట ఒకటి ఉంది: దే వార్ ఎన్ గోంగ్. మాటకి మాట తీస్తే ‘ఒకసారి ఉండేది’ అని అర్థం. మన మాటలో ‘ఎవరో చెప్పగా విన్నాం’ అన్న ఛాయ ఉంది, వాళ్ళ మాటలో లేదు. పట్టుబట్టి ‘చెప్పుకుంటారు’ అని కలిపితే అది వార్తలా వినిపిస్తుందని టీచరమ్మ కొట్టేశారు. నిజమే, పిల్లకి కావలసింది కథ మొదలైందన్న గంట.

రాజుగారిలో ‘గారు’ రాలిపోయింది. 1960ల చివరి నుంచి అక్కడ చిన్నా పెద్దా అందరూ ఒకరినొకరు ‘ద్యూ’ అనే పిలుచుకుంటారు, అంటే ‘నువ్వు’. కథలో రాజు ఉత్త ‘కుంగ్’. అసలు తప్పు రెండో వాక్యంలో పడింది. ‘ఆ రాజుగారికి ఏడుగురు కొడుకులు’ అన్నప్పుడు ‘ఆ’ని విడి మాటగా పెట్టి ‘దెన్ కుంగెన్’ అని రాశాం. వినేవాళ్ళకి అది వేలెత్తి ‘అదిగో, ఆ రాజుకి’ అని చూపించినట్టుంటుంది. స్వీడిష్‌లో మన ‘ఆ’ పని చేసేది మాట చివర అతికే తోక. మొదటిసారి ‘ఎన్ కుంగ్’, ఒక రాజు. రెండోసారి ‘కుంగెన్’, ఆ రాజే. చేపకీ అంతే: ‘ఎన్ ఫిస్క్’, తర్వాత ‘ఫిస్కెన్’. చివరికి రెండు వాక్యాలూ కలిపి ఒకటి చేశాం: దే వార్ ఎన్ గోంగ్ ఎన్ కుంగ్ సొమ్ హాదె హ్వూ స్యోనెర్. ‘ఏడుగురు కొడుకులున్న ఒక రాజు ఉండేవాడు’.

అందులో ‘హ్వూ’ అంటే ఏడు. నోరు గుండ్రంగా చుట్టి దీపం ఊదినట్టు అనాలి, ‘హ’కీ ‘ఖ’కీ మధ్యన. నేను ‘షూ’ అన్నాను. పిల్లకి అర్థమైంది, కానీ నవ్వు ఆపుకోలేక కథ ఆగింది. ఈ కథలో ఏడు మళ్ళీ మళ్ళీ వస్తుంది కాబట్టి, పడుకునే వేళ కాకుండా పగలే ఆ ఒక్క మాట సాధన చేసుకోవడం మేలు.

‘వేటకి వెళ్ళి ఏడు చేపలు తెచ్చారు’. మనకి చేపల వేట కూడా వేటే. స్వీడిష్‌లో వేటకి ‘యాక్ట్’ అంటే అడవీ, తుపాకీ, దుప్పి. ఆ మాట వాడితే దుప్పి కోసం పోయి చేపలతో వచ్చారన్న హాస్యం దొర్లుతుంది. ‘వెళ్ళి’ లాంటి అసమాపక క్రియ కూడా అక్కడ దొరకదు, ‘వెళ్ళారు, చేపలు పట్టారు, తెచ్చారు’ అని ‘ఒ’తో (మన ‘మరియు’) గుచ్చుకుంటూ పోవాలి. ఇంకొకటి, వాక్యం ‘ఒకరోజు’తో మొదలైతే వెంటనే క్రియ రావాలి, కొడుకులు ఆ తర్వాతే: ఎన్ దాగ్ యిక్ స్యోనెర్న ఊత్ ఒ ఫిస్కదె. ‘ఎన్ దాగ్ స్యోనెర్న యిక్’ అని మన వరసలో రాస్తే, పరాయివాళ్ళు రాశారని మొదటి నాలుగు మాటల్లోనే పట్టేస్తారు.

ఎండబెట్టడం, ఎండడం మనకి రెండు వేర్వేరు మాటలు. వాళ్ళకి ‘తొర్కా’ ఒక్కటే రెండు పనులూ చేస్తుంది. ‘ఒక చేప ఎండలేదు’ని దానితో రాస్తే, చేప ఇంకేదో ఆరబెట్టలేదన్న అనుమానం వస్తుంది. అందుకని చేపల్ని ‘ఎండలో పెట్టారు’ అన్నాం, తర్వాత ‘ఒక చేప పొడిబారలేదు’: ఎన్ ఫిస్క్ బ్లేవ్ ఇంతె తొర్.

ఇక పిలుపు. ‘చేపా చేపా’లో ఆ దీర్ఘమే లాలన. స్వీడిష్‌లో సంబోధనకి వేరే రూపం లేదు. ‘ఫిస్క్, ఫిస్క్’ అంటే సీసా మీద చీటీ చదివినట్టుంది. ‘ఫిస్కెన్’ అనలేం, పిలిచేటప్పుడు ఆ తోక పడదు. ముందు ‘లిల్లా’ (చిన్నారి) చేర్చితే లయా కుదిరింది, లాలనా కుదిరింది: లిల్లా ఫిస్క్, లిల్లా ఫిస్క్, వార్ఫొర్ బ్లేవ్ ద్యూ ఇంతె తొర్? ‘లిల్లా’ని మాత్రం అందరికీ పంచకూడదు. చేపకీ చీమకీ సరే. గడ్డిమేటుకి పెడితే వెటకారమవుతుంది.

ఆ గడ్డిమేటు కోసమే ఒకరోజు స్టాక్‌హోమ్ వెళ్ళాం. ఉప్సలా నుంచి రైల్లో నలభై నిమిషాలు, అక్కడి నుంచి 7వ నంబరు ట్రామ్ ఎక్కితే స్కాన్సెన్ ముందే ఆగుతుంది. 1891లో తెరిచిన ఆరుబయలు మ్యూజియం అది. దేశం నలుమూలల నుంచి పాత పల్లెటూరి ఇళ్ళు విప్పి తెచ్చి కట్టారు, ఆవులూ గొర్రెలూ కూడా ఉంటాయి. మా సందేహం ఒక్కటే. మన గడ్డివామంటే వరిగడ్డి, ధాన్యం రాలగొట్టాక మిగిలేది. ఆ లెక్కన స్వీడిష్‌లో ‘హాల్మ్’ అనాలి. కానీ అక్కడి పిల్లల ఊహలో హాల్మ్ అంటే పశువుల కింద పరిచేది. ఆవు తినేది ‘హ్యో’, కోసి ఆరబెట్టిన పచ్చిక. కథలో ఆవు మేయకపోవడం వల్లే కదా మేటు అడ్డంగా నిలిచిపోయింది! ‘హాల్మ్’ అని పెడితే ఆ గొలుసు అక్కడే తెగుతుంది, ఆవు మేయకపోవడంలో వింతేముందని పిల్ల అడుగుతుంది. ఆవు ముందున్న మేత చూపించి ఇదేమిటే అంటే మనవరాలు తడుముకోకుండా ‘హ్యో’ అంది. దాంతో ఆరో వాక్యం తేలింది: హ్యోస్టాకెన్ స్తూద్ ఈ వేగెన్. ‘గడ్డిమేటు దారికి అడ్డం నిలబడింది’. మన ‘అడ్డమొచ్చింది’కి ఇంత దగ్గరి నానుడి దొరుకుతుందనుకోలేదు.

తిరుగు రైల్లో అమ్మాయి ఇంకో సంగతి పట్టుకుంది. గడ్డిమేటు ‘హ్యోస్టాక్’ అయితే చీమలపుట్ట ‘మ్యూర్‌స్టాక్’. కథ మొదట్లో అడ్డమొచ్చేదీ, చివర్లో వేలు పెట్టేదీ ఒకే ప్రాసలో పడ్డాయి, తెలుగులో లేని సొగసు ఇది. పైగా ‘కుట్టింది’ అన్నది కూడా ‘స్తాక్’ అనే వస్తుంది! మూడూ కలిపేద్దామని ఆశపడ్డాను. టీచరమ్మ ఒప్పుకోలేదు. పైన్ అడవిలో సూదుల్లాంటి ఆకులతో నడుమెత్తు పుట్టలు పెట్టే ఎర్రచీమ కొరుకుతుందే గానీ కుట్టదట, పిల్లలు కూడా ‘బేత్’ (కొరికింది) అనే అంటారట. ‘స్తాక్’ కొట్టేసి ‘బేత్’ రాసుకున్నాం.