పెన్సిల్‌తో రాసిన రెండు రోజులు

ఫిబ్రవరి 22, ఆదివారం

ఈరోజంతా మార్చి డ్యూటీ చార్ట్‌తోనే సరిపోయింది. ల్యాబ్‌లో ఉన్నదే ఆరుగురం, పొద్దున ఇద్దరు, మధ్యాహ్నం ఒకరు, నైట్ ఒకరు ఉండి తీరాలి, నైట్ చేసి దిగినవాళ్ళకి ఆఫ్ పోతే ఇంక మిగిలేది ఒక్కరే. ఉగాది 19 గురువారం, రంజాన్ 20నో 21నో. రెండూ ఒకే అమావాస్య వెనకాల వచ్చేవే, కాకపోతే ఉగాది పంచాంగంలో ముందే ఉంటుంది, రంజాన్‌కి మాత్రం 19 సాయంత్రం నెలవంక కనిపించిందో లేదో చూడాలి.

మా దగ్గర రూల్ ఏంటంటే లీవ్ పదిహేను రోజుల ముందు బుక్‌లో రాయాలి, ముందు రాసినవాళ్ళకే ముందు. ఇన్నాళ్ళూ ఇది అందరికీ సమానమే అనుకున్నా. భాయ్ ఇవాళ నవ్వుతూ "ఏ తేదీ రాయమంటారు మేడమ్" అన్నాక గానీ బుర్రకెక్కలేదు. సంక్రాంతికి, దసరాకి "భాయ్ ఉన్నాడుగా" అని ఆయన మీదే వదిలేసి వెళ్ళిపోతాం, నేనూ వెళ్ళా, ఆయన పండక్కి వచ్చేసరికి మాత్రం రూల్ చూపిస్తాం.

ఇంకోటి, పాత చార్ట్‌నే ముందుకి జరుపుకుంటూ వస్తే 19 నైట్ భాయ్‌కే పడింది. 20న పండగైతే పొద్దున ఎనిమిదింటికి దిగి, నిద్ర కళ్ళతో స్నానం చేసి ఈద్గాకి పరిగెత్తేసరికి నమాజ్ అయిపోతుంది. కాగితం మీద మాత్రం లీవ్ ఇచ్చినట్టే ఉంటుంది!

చివరికి ఇలా కుదిరింది. 19 పొద్దున నేనూ భాయ్. పోయిన ఉగాదికి డ్యూటీ చేసింది అక్క కాబట్టి ఈసారి ఆఫ్ అక్కకి. చిన్నోడు పగలంతా పండగ చేసుకుని రాత్రి ఎనిమిదింటికి నైట్‌కి వస్తాడు, మొహం మాడ్చుకున్నాడు గానీ ఒప్పుకున్నాడు. 20, 21 రెండు పొద్దుటి డ్యూటీల్లోనూ భాయ్ పేరు పెన్సిల్‌తో రాసి పక్కన మా ల్యాబ్‌లో చర్చికెళ్ళే అమ్మాయి పేరు స్టాండ్‌బైగా పెట్టా. చంద్రుడు కనిపించాడని కబురు రాగానే భాయ్ గ్రూప్‌లో మెసేజ్ పెడతాడు, పండగ ఏ రోజైతే ఆ రోజు ఆ అమ్మాయి వస్తుంది, మిగిలిన రోజు భాయ్ వస్తాడు. బదులుగా ఏప్రిల్ 3 గుడ్ ఫ్రైడే, 5 ఈస్టర్ ఆ అమ్మాయికి ఇప్పుడే పెన్నుతో రాసేశా, దానికి ముందు రాత్రులు కూడా నైట్ లేకుండా చూసి మరీ.

ఎవరైనా జ్వరమని పడుకుంటే ఇదంతా కూలిపోద్ది, అది తెలుసు.

అమ్మకి ఫోన్ చేసి ఉగాదికి పొద్దున ఉండనని చెప్తే కాసేపు మాట్లాడలేదు. తర్వాత పచ్చడి డబ్బాలో పెట్టిస్తాలే అంది, ఇద్దరికి సరిపడా పెట్టమన్నా, అంతలోనే గుర్తొచ్చింది, భాయ్ ఆరోజు ఉపవాసం ఉంటాడు. సరే, సాయంత్రానికి ఇంటికి పట్టుకెళ్ళమంటా.