స్ఫటికం కుదరక మంచులోకి

పీహెచ్‌డీలో ఏడాదిన్నర పాటు నాకు రోజూ పొద్దున్నే ఒకటే పని, గాజు పలకకు తలకిందులుగా వేలాడే చుక్కలను మైక్రోస్కోపులో చూడటం. మా ప్రొటీన్ అణువు ఆకారం ఎక్స్‌రేలతో తెలుసుకోవాలంటే ముందు దాని స్ఫటికం కావాలి. ఒక మైక్రోలీటరు ప్రొటీన్‌కు అంతే లవణ ద్రావణం కలిపి, నీరు మెల్లగా తగ్గేకొద్దీ స్ఫటికం కడుతుందేమోనని ఎదురుచూసేదాన్ని. ఒకరోజు సూదుల్లాంటివి మెరిశాయి. సంబరంగా సీనియర్ అక్కను పిలిస్తే, ఆమె సన్నని సూదితో ఒకదాన్ని నొక్కింది. టక్కుమంది. "ఇది ఉప్పమ్మా. ప్రొటీన్ అయితే మెత్తగా నలుగుతుంది" అంది.

తరువాత అసలైన స్ఫటికాలే వచ్చాయి. చూడటానికి ముచ్చటగా ఉన్నా, సింక్రోట్రాన్ అనే భారీ యంత్రం ఇచ్చే ఎక్స్‌రేల ముందు పెడితే, స్ఫటికం చెదరగొట్టిన ఎక్స్‌రేల మచ్చలు 8 ఆంగ్‌స్ట్రామ్‌ల దగ్గరే ఆగిపోయాయి. ఈ అంకె ఎంత తగ్గితే అంత సూక్ష్మ వివరం కనిపిస్తుంది. అంత మసకలో అమైనో ఆమ్లాల జాడ కూడా దొరకదు. స్ఫటికంలో అణువులన్నీ ఒకే భంగిమలో బారులు తీరాలి. మా ప్రొటీన్‌కేమో నిలకడ లేని ఒక చేయి ఉంది.

దాంతో స్ఫటికం అక్కర్లేకుండా, గడ్డకట్టించిన అణువులను విడివిడిగా ఎలక్ట్రాన్లతో చిత్రాలు తీసే క్రయో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపీకి మారాను. గ్రిడ్ అనే 3 మిల్లీమీటర్ల సన్నని జాలీ మీద 3 మైక్రోలీటర్ల ప్రొటీన్ ద్రావణం వేసి, వడపోత కాగితంతో అద్ది, చల్లబరిచిన ద్రవ ఈథేన్‌లో ముంచాలి. ద్రవ నైట్రోజన్‌లోనే ముంచితే గ్రిడ్ చుట్టూ ఆవిరి పొర కమ్మి చల్లబడటం ఆలస్యమవుతుంది, నీరు గాజులా గడ్డకట్టక మంచు స్ఫటికాలు కట్టి చిత్రాన్ని చెడగొడుతుంది. అన్నాళ్లూ స్ఫటికం కోసం మొక్కినదాన్ని, ఇప్పుడు అది రాకూడదని మొక్కాను!

చిత్రాలన్నీ కలిపి కట్టిన మొదటి త్రిమితీయ మ్యాపుకు కంప్యూటర్ 3.6 ఆంగ్‌స్ట్రామ్‌లని చూపింది. మ్యాపు మాత్రం ఒకవైపు సాగదీసినట్టుంది. అణువుల చిత్రాలు చూస్తే, బోర్లించిన ఇడ్లీల్లా దాదాపు అన్నీ ఒకే వైపు తిరిగి ఉన్నాయి. పలుచని నీటి పొరలో గాలి తగిలే అంచుకు అవి ఒకే తీరున అతుక్కుంటున్నాయి. పక్క నుంచి చూసిన చిత్రాలే లేనప్పుడు ఆ అంకెను నమ్మడానికి లేదు. అణువులు అంచుకు అతుక్కోకుండా గడ్డకట్టించే ముందు కొద్దిగా ఫ్లోరిన్ డిటర్జెంట్ కలిపి, వేరే కోణాలు దొరికేలా గ్రిడ్‌ను 30 డిగ్రీలు వంచి మళ్లీ చిత్రాలు తీశాను. ఈసారి మ్యాపు 3.3కు వచ్చింది, సాగుడు పోయింది. చిత్రాలను గుంపులుగా విడదీస్తే చేయి రెండు స్థానాల్లో తేలింది. స్ఫటికాన్ని చెడగొట్టిన కదలికే నా థీసిస్‌లో ఒక అధ్యాయమైంది.

అంతలో మా గైడ్, ప్రొటీన్ పనిని ఆపే చిన్న అణువు, అంటే నిరోధకం, దానికి ఎలా అతుక్కుందో చూపమన్నారు. మ్యాపులో అదొక ముద్ద. నిరోధకంలోని వలయం ఎటు తిరిగిందో చెప్పలేను, నీటి అణువుల మాట సరేసరి. నిరోధకం కూర్చునే భాగం ఒక్కటే తీసుకుందామంటే దాని బరువు 28 కిలోడాల్టన్లే. అంత చిన్నవి మంచులో సరిగా కనిపించవు, చిత్రాలను ఒకదానితో ఒకటి సరిపోల్చడం కష్టం.

కాబట్టి చేయి తీసేసి ఆ భాగానికే మళ్లీ చుక్కలు పెట్టాను. మూడు వారాల్లో స్ఫటికాలు కట్టాయి. వాటిని నిరోధకంలో నానబెట్టి ఎక్స్‌రేలకు పెడితే 1.7 ఆంగ్‌స్ట్రామ్‌లు! ఎక్స్‌రే మచ్చల్లో తీవ్రతే నమోదవుతుంది, తరంగ దశ తెలియదు, అది లేకుండా అణువు ఆకారం కట్టలేం. ఆ లోటును పూడ్చడానికి క్రయో మ్యాపు నుంచి మేము కట్టిన అణువు ఆకృతే పనికొచ్చింది. వలయం, దాన్ని పట్టుకున్న రెండు నీటి అణువులు స్పష్టంగా కనిపించాయి. అయితే పక్కనే ప్రొటీన్ గొలుసు వంపు తిరిగిన ఒక లూప్‌ను స్ఫటికంలోని పొరుగు అణువు నొక్కిపెట్టింది. క్రయో మ్యాపులో అది వేరే చోట ఉంది. థీసిస్‌లో ఆ లూప్ బొమ్మను మాత్రం క్రయో మ్యాపు నుంచే గీశాను.