మాస్టర్ పాస్‌వర్డ్ మర్చిపోతే ఏం మిగులుతుంది: మా బాబాయి ఖాతాతో నా అనుభవం

ఎంవీపీ కాలనీలో ఉండే మా బాబాయికి పాస్‌వర్డ్‌లన్నీ ఒకచోట దాచే బిట్‌వార్డెన్ యాప్ పెట్టింది నేనే. ఉచిత ఖాతాలోనే ఎన్ని పాస్‌వర్డ్‌లైనా, ఎన్ని ఫోన్లలోనైనా వాడుకోవచ్చు, అందుకే అది ఎంచుకున్నాను.

క్రోమ్‌లో దాచిన పాస్‌వర్డ్‌లు తేవడం తేలికే. `chrome://password-manager/settings` తెరిచి ఎక్స్‌పోర్ట్ చేస్తే ఒక సీఎస్‌వీ ఫైలు దిగుతుంది. బిట్‌వార్డెన్ వెబ్‌సైట్లో Tools, Import data లోకి వెళ్లి, ఫార్మాట్ `Chrome (csv)` అని ఎంచుకుని ఎక్కించాలి. మధ్యలో ఆ ఫైలును ఎక్సెల్‌లో తెరిచి సేవ్ చేయొద్దు. 004512 అనే పాస్‌వర్డ్ 4512 అయిపోతుంది, 16 అంకెల నంబరు 1.23457E+15 లాంటి రూపంలోకి మారి అసలు అంకెలు పోతాయి. పాస్‌వర్డ్‌లన్నీ ఆ ఫైలులో బాహాటంగా కనిపిస్తాయి కాబట్టి పని కాగానే రీసైకిల్ బిన్‌లోంచి కూడా తీసేయాలి.

అసలు తలనొప్పి తర్వాత వచ్చింది. బిట్‌వార్డెన్‌ను తెరిచే మాస్టర్ పాస్‌వర్డ్‌ను బాబాయి మర్చిపోయారు. ద్వారకానగర్‌లో ఒక కంప్యూటర్ షాపువాడు "డబ్బులిస్తే రీసెట్ చేసేస్తాం సార్" అన్నాడట. అది పచ్చి మోసం. పాస్‌వర్డ్‌లన్నీ ఉండే ఖజానాను తెరిచే తాళంచెవి మాస్టర్ పాస్‌వర్డ్‌లోంచే తయారవుతుంది, ఆ పాస్‌వర్డ్ కంపెనీ దగ్గర ఉండదు. వాళ్లే మార్చలేనిది షాపువాడెలా మారుస్తాడు?

ముందు లాగిన్ పేజీలో హింట్ అడిగాం. పెట్టుకున్న హింట్ ఉంటే మెయిల్‌కి వస్తుంది. బాబాయి పెట్టుకోలేదు. కానీ ఫోన్లో యాప్ వేలిముద్రతో ఇంకా తెరుచుకుంటోంది. "బాబాయ్, లాగౌట్ కావద్దు, యాప్ తీసేయొద్దు, ఫోన్లో కొత్త వేలిముద్ర చేర్చొద్దు" అని గట్టిగా చెప్పాను. ఈ మూడింటిలో ఏది చేసినా యాప్ మళ్లీ మాస్టర్ పాస్‌వర్డే అడుగుతుంది.

తెరిచిన ఖజానాలోంచి ఎక్స్‌పోర్ట్ చేద్దామంటే అక్కడా అదే అడిగింది. ఇక ఒక్కటే దారి, కంటితో చూసి రాసుకోవడం. క్రోమ్‌లో పాతవి చెరపలేదు కాబట్టి అవి మళ్లీ ఎక్స్‌పోర్ట్‌లో వచ్చేస్తాయి. తర్వాత చేర్చినవీ మార్చినవీ మాత్రమే ఒక్కొక్కటి తెరిచి నోట్‌బుక్‌లో దించాం. బ్యాంకు, మెయిల్ ముందు. ఇంపోర్ట్ కాగానే బ్రౌజర్లో అన్నీ చెరిపేయమనే సలహా నాకు నచ్చదు. మాస్టర్ పాస్‌వర్డ్ చేతికి అలవాటయ్యేదాకా ఆగాలి.

అంతా దించాకే `vault.bitwarden.com/#/recover-delete` లో మెయిల్ ఐడీ ఇచ్చి, మెయిల్‌కి వచ్చిన లింకుతో పాత ఖాతా తీసేశాం. అదే మెయిల్‌తో కొత్తది తెరిచి, క్రోమ్ ఫైలు ఎక్కించి, నోట్‌బుక్‌లోవి చేర్చాం. క్రోమ్ ఫైలు ఒక్కసారే ఎక్కించాలి, రెండోసారి ఎక్కిస్తే ప్రతిదీ రెండేసి వస్తుంది.

కొత్త మాస్టర్ పాస్‌వర్డ్ కాగితం మీద రాసి, పిన్ని నగలున్న బ్యాంకు లాకర్లో పెట్టించాను. బాబాయి ఖాతాను ప్రీమియంకి మార్చి ఎమర్జెన్సీ యాక్సెస్‌లో నా పేరు చేర్చాను. Takeover హక్కు ఇచ్చారు కాబట్టి నేను అడిగాక ఆయన ఒప్పుకున్నా, పెట్టిన గడువులోగా కాదనకపోయినా, కొత్త మాస్టర్ పాస్‌వర్డ్ నేను పెట్టగలను. మర్చిపోయాక ఇది కుదరదు, ముందే పెట్టుకోవాలి.