మ్యాప్‌లో 62, కంపాస్‌లో 47

అమెరికాలో, వాషింగ్టన్ రాష్ట్రపు అడవుల్లో సర్వే పనికి కొత్తగా వచ్చే మనవాళ్లకు నేను మొదట చెప్పేది డిక్లినేషన్, అంటే కంపాస్ సూది చూపే ఉత్తరానికీ భూమి ఉత్తర ధ్రువం వైపున్న నిజ ఉత్తరానికీ మధ్య కోణం గురించే. ఇండియాలో చాలాచోట్ల కంపాస్ సూది నిజ ఉత్తరానికి ఒకటి రెండు డిగ్రీల తేడాలోనే నిలుస్తుంది. అందుకే అక్కడ పట్టించుకోకపోయినా పని నడిచిపోతుంది. ఈ రాష్ట్రం పడమటి భాగంలో మాత్రం సూది సుమారు 15 డిగ్రీలు తూర్పుకు తిరిగి ఉంటుంది.

రోడ్లు కలిసే చోటు నుంచి 800 మీటర్ల దూరంలో, చెట్లు కొలవాల్సిన ప్లాట్ ఉందనుకోండి. మ్యాప్ అంచుకు ప్రొట్రాక్టర్ ఆనించి కొలిస్తే బేరింగ్, అంటే ఉత్తరం నుంచి కుడివైపుగా లెక్కించే కోణం, 62 డిగ్రీలు వచ్చింది. అంచు నిజ ఉత్తరాన్ని చూపిస్తుంది. లోపలి గ్రిడ్ గీతలు కాస్త పక్కకు వాలి ఉండొచ్చు, అందుకే అంచునే నమ్ముతాం. కంపాస్‌లో పెట్టాల్సింది 62 కాదు, అందులోంచి 15 తీసేసి 47.

కూడాలా, తీసేయాలా అన్నచోటే అందరికీ టెన్షన్. బట్టీ పట్టడం కన్నా బొమ్మ గీసుకోవడం మేలు. నిజ ఉత్తరానికి ఒక గీత, దానికి కుడివైపు 15 డిగ్రీల దూరంలో సూది, ఇంకా కుడికి 62 దగ్గర ప్లాట్. కంపాస్ సూది నుంచే లెక్కపెడుతుంది. సూది అప్పటికే ప్లాట్ వైపు 15 డిగ్రీలు జరిగింది కాబట్టి మిగిలింది 47. సూది పడమరకు తిరిగే ప్రాంతాల్లో అదే బొమ్మ గీస్తే కూడాలని తెలిసిపోతుంది.

సవరించకుండా 62 పెట్టుకుని నడిస్తే 800 మీటర్లకు ప్లాట్‌కు కుడివైపు సుమారు 200 మీటర్ల అవతల తేలతాం. తీసేయాల్సింది కూడి 77 పెడితే తప్పు రెట్టింపై, 400 మీటర్లు దాటుతుంది. దట్టమైన డగ్లస్ ఫర్ చెట్ల మధ్య ఏ వైపు చూసినా ఒకేలా ఉంటుంది, దారి తప్పామని చుట్టుపక్కల ఏదీ చెప్పదు.

పాత మ్యాప్ మీద అచ్చయిన అంకెను యథాతథంగా వాడకూడదు. 1970ల ప్రాంతంలో సియాటిల్ దగ్గర డిక్లినేషన్ సుమారు 22 డిగ్రీలు, ఇప్పుడు 15కి దగ్గర. భూమి లోపలి ద్రవలోహపు కదలికల వల్ల అయస్కాంత క్షేత్రం మెల్లగా మారుతూనే ఉంటుంది. అమెరికా ప్రభుత్వ సముద్ర, వాతావరణ సంస్థ నోవా వెబ్‌సైట్‌లో అక్షాంశం, రేఖాంశం, తేదీ ఇస్తే నేటి విలువ వస్తుంది.

కొన్ని కంపాస్‌లలో చిన్న స్క్రూ తిప్పి డిక్లినేషన్‌ను ముందే సెట్ చేసుకోవచ్చు. అప్పుడు డయల్ మీద 62 పెట్టడమే, మళ్లీ 15 తీసేయకూడదు. ఇంకొకరి కంపాస్ చేతికొస్తే స్క్రూ ఎలా ఉందో తెలియదు. అందుకే బయలుదేరే ముందు బండికి దూరంగా జరిగి, మ్యాప్‌లో ఉన్న ఏదైనా శిఖరాన్ని గురిచూస్తాను. కంపాస్ చెప్పేదీ, మ్యాప్ మీద కొలిచిందీ ఒకటే అయితే స్క్రూ సెట్ చేసి ఉన్నట్టు. కంపాస్ 15 తక్కువ చూపిస్తే సవరణ నేనే చేయాలి. 30 తక్కువైతే స్క్రూను ఎవరో పడమర వైపు తిప్పేశారు.