పది రోజుల్లో కడితే ఒక శాతం: మా రెగ్యులర్ కస్టమర్లకు రాసిచ్చిన లెటర్

మాది బాలానగర్‌లో చిన్న సీఎన్‌సీ టర్నింగ్ యూనిట్. పంపులకు, వాల్వులకు కావాల్సిన బుష్‌లు, షాఫ్ట్‌లు చేసి ఇస్తాం. పనికి కొరత లేదు. ఇబ్బందంతా డబ్బు చేతికొచ్చే తేదీలతోనే. స్టీల్ రాడ్లు అమ్మేవాళ్లు డబ్బు పడితేనే లోడ్ పంపుతారు, జీతాలు ఆగవు, కస్టమర్లకేమో 45 రోజుల గడువు.

వీటన్నిటికంటే ఎక్కువ నొప్పి జీఎస్టీతో. ఒక బిల్లు చూడండి. మే 26న 2 లక్షల సరుకు పంపాం, దానిపై 18 శాతం అంటే 36,000 కలిపి బిల్లు 2,36,000. నెలనెలా రిటర్న్ వేసే మాలాంటివాళ్లు మే నెల పన్ను జూన్ 20లోగా కట్టేయాలి. కస్టమర్ డబ్బులిచ్చాడా లేదా అన్నది అక్కడ ఎవరూ అడగరు. కస్టమర్ గడువేమో జూలై 10. అంటే మాకింకా రాని డబ్బు మీద పన్ను ముందే మా జేబులోంచి పోతుంది. ఆ మధ్యకాలమంతా బ్యాంకు సీసీ లిమిట్‌లోంచి, అంటే వాడుకున్నంతకు వడ్డీ కట్టే క్యాష్ క్రెడిట్ అప్పులోంచి తీసి నడపడమే.

అందుకే త్వరగా కట్టేవాళ్లకు తగ్గింపు ఇవ్వాలనుకున్నాను. ఎంత ఇవ్వాలి? చాలామంది రెండు శాతం అంటారు. నేను సీసీ వడ్డీతో పోల్చి చూశాను. మాకు బ్యాంకు వేసేది 11 శాతం. పైన చెప్పిన బిల్లుకే 1 శాతం తగ్గిస్తే మాకు పోయేది 2,000. బదులుగా 2,34,000 పదో రోజుకే వస్తుంది, అంటే గడువుకంటే 35 రోజులు ముందు. అదే డబ్బు 35 రోజులకు సీసీలో తీసుకుంటే వడ్డీ దాదాపు 2,470. కాబట్టి ఒక శాతం మాకు లాభమే. రెండు శాతం ఇస్తే అది ఏడాదికి దాదాపు 18 శాతం వడ్డీ కట్టినట్టు, బ్యాంకే నయం. పైగా మా పనిలో మిగిలేదే ఎనిమిది శాతం దాకా. అందులో ఒకటి ఇవ్వడమంటేనే చిన్న విషయం కాదు.

ఈ లెక్కనే కస్టమర్ వైపు నుంచి కూడా చూడాలి. ఆయన కూడా సీసీ మీదే నడుస్తుంటే, నాకు ముందుగా కట్టడానికి ఆయనకయ్యే వడ్డీ నేనిచ్చే 2,000 కంటే ఎక్కువ. ఆయన ఒప్పుకోడు, ఒప్పుకోవాల్సిన అవసరమూ లేదు. కరెంట్ అకౌంట్‌లో డబ్బు ఊరికే పడి ఉన్నవాళ్లకే ఇది పనికొస్తుంది. కాబట్టి అందరికీ పంపలేదు. లెడ్జర్లు తీసి, ఎవరు నిజంగా ఎన్నో రోజున కడుతున్నారో చూశాను. ఎప్పుడూ రెండు మూడు వారాల్లోనే కట్టేవాళ్లను పక్కన పెట్టాను. వాళ్లకిస్తే వచ్చే డబ్బే తగ్గుతుంది, ముందుకు జరిగే రోజులు చాలా తక్కువ. డబ్బుండీ గడువు చివరిదాకా ఆపేవాళ్లనే ఎంచుకున్నాను.

తర్వాత లెటర్. ఫోన్‌లో చెబితే ఓనర్‌కు అర్థమవుతుంది కానీ, బిల్లు పాస్ చేసేది వాళ్ల అకౌంట్స్ విభాగం. చదివేది వాళ్లే కాబట్టి వాళ్లకు వచ్చే అనుమానాలన్నీ ముందే తీరాలి. పంపకముందు మా అకౌంట్స్ చూసే అమ్మాయికి ఇచ్చి, "నువ్వు కస్టమర్ దగ్గర పనిచేస్తున్నావనుకుని చదువమ్మా" అన్నాను. ఆమె వరసగా అడిగింది: "పది రోజులు ఎప్పట్నుంచి సార్? బిల్లు తేదీ నుంచా, సరుకు వాళ్లకు చేరినప్పట్నుంచా? ఒక శాతం జీఎస్టీతో కలిపా, కలపకుండానా? పదో రోజు ఆదివారమైతే?" ఆ ప్రశ్నల జవాబులే లెటర్ అయ్యాయి. ముఖ్యమైన భాగం ఇది:

"మే 1 నుంచి వచ్చే మార్చి 31 వరకు మేం ఇచ్చే బిల్లులకు ఈ సదుపాయం ఉంటుంది. బిల్లు తేదీ మర్నాటి నుంచి లెక్కపెట్టి పదో రోజులోగా డబ్బు మా ఖాతాలో జమ అయితే, జీఎస్టీ కలపకముందు విలువపై 1 శాతం తగ్గించి మిగతాది ఒకేసారి కట్టవచ్చు. పదో రోజు బ్యాంకు సెలవైతే తర్వాతి పనిరోజు వరకు సమయం ఉంటుంది. ఆ తేదీ దాటితే తగ్గింపు ఉండదు. మామూలు 45 రోజుల గడువు అలాగే ఉంటుంది. గడువు దాటిన పాత బాకీ ఉంటే కొత్త బిల్లుకు తగ్గింపు వర్తించదు."

దాని కింద పైన చెప్పిన బిల్లునే ఉదాహరణగా వేశాం. బిల్లు మీద కూడా రెండు వరుసలు ముద్రిస్తున్నాం: "జూన్ 5లోగా కడితే రూ.2,34,000. ఆ తర్వాత, జూలై 10లోగా రూ.2,36,000." రోజులు లెక్కపెట్టే పని వాళ్లకు పెట్టకుండా తేదీ వేసెయ్యడమే నా దృష్టిలో లెటర్ కంటే ఎక్కువ పనిచేసింది.

జీఎస్టీ విషయం మా ఆడిటర్‌తో మాట్లాడి తేల్చుకున్నాం. బిల్లు వేసేటప్పటికి కస్టమర్ ముందే కడతాడో లేదో తెలియదు కాబట్టి బిల్లులోనే తగ్గించలేం. డబ్బు పడ్డాక 2,000కు జీఎస్టీ లేని ఫైనాన్షియల్ క్రెడిట్ నోట్ ఇస్తున్నాం. మా పన్ను తగ్గదు, 36,000 పూర్తిగా కడతాం. కస్టమర్ కూడా మా బిల్లులోని జీఎస్టీని తన పన్నులో తగ్గించుకున్న ఇన్‌పుట్ క్రెడిట్‌ను వెనక్కి ఇవ్వక్కర్లేదు. 2025 సెప్టెంబరులో వచ్చిన సర్క్యులర్ ఆ మాట స్పష్టంగా చెప్పింది. ఈ ఒక్క ముక్క లెటర్‌లో చేర్చాకే ఒక పెద్ద కస్టమర్ అకౌంట్స్ మేనేజర్ గారు ఒప్పుకున్నారు.

ఆయనే ఇంకో మాట అన్నారు: "మా క్యూసీ వాళ్లు సరుకు చూసేసరికే వారం దాటుతుందండీ. ముందు కట్టేశాక పీసులు రిజెక్ట్ అయితే?" న్యాయమైన ప్రశ్న. తర్వాత రిజెక్ట్ అయిన పీసుల విలువకు వేరే క్రెడిట్ నోట్ ఇచ్చి వచ్చే బిల్లులో సర్దుతామని, ఓకే అయిన సరుకుపై తగ్గింపు అలాగే ఉంటుందని రాసి పంపాం.

అనుకున్నట్టే కొందరు సరేనన్నారు, కొందరు జవాబే ఇవ్వలేదు. ఒప్పుకున్న వాళ్లలో ఒకరు పద్దెనిమిదో రోజున కట్టి 2,000 కోసుకున్నారు. ఇలాంటివి వదిలేస్తే అది త్వరగా కట్టినందుకిచ్చే తగ్గింపు కాదు, రేటు తగ్గించినట్టే. ఆ రోజే మెసేజ్ పెట్టాను: "సార్, డబ్బు అందింది, థాంక్యూ. జూన్ 5 దాటింది కాబట్టి ఈ బిల్లులో రూ.2,000 బాకీ ఉంది, స్టేట్‌మెంట్ జత చేశాను. తర్వాతి బిల్లుకు తగ్గింపు తేదీ బిల్లు మీదే ఉంది." వాదన ఏమీ జరగలేదు. తర్వాతి బిల్లుతో కలిపి ఆ 2,000 వేశారు, ఆ బిల్లు మాత్రం టైముకే కట్టారు.

ఇంకొకాయన "ముందు కట్టడం కుదరదు గానీ, ఆ ఒక్క శాతం రేటులో తగ్గించు అన్నా" అన్నారు. కుదరదని చెప్పాను. మాది ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉన్న చిన్న యూనిట్. 2006 నాటి ఎంఎస్ఎంఈడీ చట్టం ప్రకారం రాతపూర్వక ఒప్పందం ఉన్నా 45 రోజులు దాటకూడదు. కాబట్టి ఆ గడువులో కట్టినందుకు నేను విడిగా ఇవ్వాల్సిందేమీ లేదు.

లెటర్‌లో మార్చి 31 అని పెట్టింది కావాలనే. ఆలోపు మళ్లీ లెడ్జర్లు తీసి, ఎవరు పదో రోజులోగా కడుతున్నారో, మా సీసీ వాడకం ఎంత తగ్గిందో చూసుకుని, పనికొచ్చిన వాళ్లకే కొత్త తేదీతో లెటర్ ఇస్తాను. బ్యాంకు వడ్డీ తగ్గితే ఆ ఒక్క శాతం కూడా మళ్లీ లెక్కేసుకోవాల్సిందే.