‘చదువుతున్నాను’ను విడదీస్తే దొరికిన ఇంగ్లీషు వ్యాకరణం

మా అన్నయ్య కూతురు ఎనిమిదో తరగతి. జెరండ్, ఆగ్జిలరీ, పాస్ట్ పర్‌ఫెక్ట్‌ల నిర్వచనాలు పొల్లుపోకుండా అప్పజెబుతుంది కానీ వాటిని వాక్యంలో చూపించమంటే తడబడుతుంది. తెలుగులో శత్రర్థకం, క్త్వార్థకం మాత్రం చక్కగా గుర్తుపడుతుంది. అందుకే అక్కడినుంచే మొదలుపెట్టాను.

‘చదువుతున్నాను’ను విడదీయమన్నాను. ‘చదువుతూ ఉన్నాను’ అంది. కర్తను మార్చమంటే ‘చదువుతూ ఉన్నాడు, చదువుతూ ఉన్నారు’ అంది. ‘చదువుతూ’ కదలలేదు, మారిందల్లా ‘ఉండు’ క్రియే. చేసే పని ఏమిటో శత్రర్థకం చెబుతుంది. ఎవరు, ఎప్పుడు అన్నది ‘ఉండు’ చెబుతుంది. అప్పుడు ‘ఐ యామ్ రీడింగ్’, ‘హి ఈజ్ రీడింగ్’ రాసిచ్చాను. యామ్, ఈజ్‌ల కింద తనే గీత గీసింది. ఆగ్జిలరీ అంటే ఆ సహాయక క్రియే.

జెరండ్‌కు ఎక్కువసేపు పట్టింది. ‘ఐ లైక్ రీడింగ్’లోనూ అదే ‘రీడింగ్’ ఉంది, సహాయక క్రియ మాత్రం లేదు. తెలుగులో చెప్పమంటే ‘నాకు చదవడం ఇష్టం’ అంది. ‘చదవడం’ క్రియలోంచి పుట్టి నామవాచకంలా నిలబడిన మాట. ‘ఇంగ్’తో ముగిసే మాట తెలుగులో ‘అడం’ అయితే జెరండ్ అనుకోవచ్చు. ‘తూ’, ‘తున్న’ అయితే పార్టిసిపుల్. ‘స్లీపింగ్ చైల్డ్’ నిద్రపోతున్న పాప, కాబట్టి పార్టిసిపుల్.

“మరి రీడింగ్ రూమ్ ఏమిటత్తా?” అని అడిగింది. ఆ ప్రశ్న నాకెంతో నచ్చింది. గది చదవదు కదా, ‘చదువుతున్న గది’ అనలేం. ‘చదవడానికి గది’ అని విప్పితే ‘అడం’ బయటపడుతుంది, అది జెరండే. అయితే ఈ పరీక్షను తిరగేయకూడదు. ‘చదవడానికి వచ్చాను’లోనూ ‘అడం’ ఉంది, అక్కడ ఇంగ్లీషుకు ‘టు రీడ్’ అనే ఇన్‌ఫినిటివ్ కావాలి. ముందు ‘ఇంగ్’ ఉందో లేదో చూశాకే తెలుగులోకి తేవాలి.

పాస్ట్ పర్‌ఫెక్ట్‌కు రెండు వాక్యాలు చాలాయి: ‘నేను చేరగానే రైలు వెళ్ళిపోయింది’, ‘నేను చేరేటప్పటికే రైలు వెళ్ళిపోయింది’. మొదటిదానిలో రైలు కంటపడింది, రెండోదానిలో పడలేదు. ‘తిని వెళ్ళాను’ లాంటి క్త్వార్థకం కూడా ముందు జరిగిన పనినే చెబుతుంది, కానీ అక్కడ రెండు పనులకూ కర్త ఒక్కరే. ఇక్కడ చేరింది నేను, వెళ్ళింది రైలు. అందుకే తెలుగు ఆ ముందువెనకలను ‘అప్పటికే’ మీద పెట్టి, క్రియను మామూలు భూతకాలంలోనే ఉంచుతుంది. ఇంగ్లీషు ఆ పనిని ‘హ్యాడ్’ అనే సహాయక క్రియకు అప్పగించి ‘హ్యాడ్ లెఫ్ట్’ అంటుంది.

తన నోట్సులో ‘ఐ హ్యాడ్ గాన్ యెస్టర్డే’ అని విడిగా ఒక వాక్యం ఉంది. “ఏది జరిగేటప్పటికే వెళ్ళావు?” అని అడిగాను. అలాంటి రెండో సంఘటన ముందూ వెనకా ఎక్కడా లేదు. ‘హ్యాడ్ గాన్’ కొట్టేసి ‘వెంట్’ అని రాసుకుంది.